కస్టమర్ రెండోసారి అడగనక్కర్లేకుండా

కాల్ సెంటర్ ఇంటర్వ్యూకి తయారయ్యేవాళ్లలో ఎక్కువమంది తమ ఇంగ్లిష్ యాస గురించే దిగులుపడతారు. అద్దం ముందు నిలబడి అమెరికావాళ్లలా నోరు తిప్పడం సాధన చేస్తారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కావలసింది వేరు. ఫోన్లో అవతలి మనిషి "ఏమన్నారు? మళ్లీ చెప్పండి" అని ఎన్నిసార్లు అడగాల్సి వస్తుందో వాళ్లు గమనిస్తారు. కస్టమర్ మళ్లీ అడిగితే కాల్ సాగుతుంది. తప్పుగా అర్థం చేసుకుంటే మర్నాడు అదే పని మీద మళ్లీ ఫోన్ చేస్తాడు. కాల్‌కి సగటున పట్టే సమయాన్ని ఏహెచ్‌టీ అంటారు. మొదటి కాల్‌లోనే పని తేలిపోవడాన్ని ఎఫ్‌సీఆర్ అంటారు. ఉద్యోగంలో చేరాక మీ పనితీరును తూచేది ఎక్కువగా వీటితోనే. అందుకే ఇంటర్వ్యూలోని ప్రతి పరీక్షా ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్నే వేస్తుంది: మీరు చెప్పింది మొదటిసారికే అందిందా?

మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం వైపు వాక్-ఇన్‌లకు వెళ్తే వరస దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు హెచ్‌ఆర్ పలకరింపు, సెల్ఫ్ ఇంట్రడక్షన్. తర్వాత కంప్యూటర్ ముందు వాయిస్ టెస్ట్, టైపింగ్ టెస్ట్. ఆ పైన ఆపరేషన్స్ మేనేజర్‌తో ఇంటర్వ్యూ, అందులో ఒక మాక్ కాల్. ఇంటర్నేషనల్ వాయిస్ ప్రాసెస్‌కైతే ఉచ్చారణ విడిగా వినే వాయిస్ అండ్ యాక్సెంట్ రౌండ్ కూడా ఉండవచ్చు. తెలుగు, హిందీ డొమెస్టిక్ ప్రాసెస్‌లకు ఇంగ్లిష్ పట్టింపు తగ్గుతుంది కానీ టైపింగ్, మాక్ కాల్ తప్పవు. ఈ అధ్యాయంలో మూడింటిని నిదానంగా చూద్దాం: గొంతు, వేళ్లు, మాక్ కాల్.

వాయిస్ టెస్ట్: యంత్రం ఏం వింటుంది?

చాలా కంపెనీలు వాడే వాయిస్ టెస్ట్ పేరు వెర్సాంట్. పదిహేను నిమిషాలకు కాస్త అటూ ఇటూగా ముగుస్తుంది. హెడ్‌సెట్ పెట్టుకుని మీరు మాట్లాడతారు, మార్కులు కంప్యూటర్ వేస్తుంది. వెర్సాంట్ ఇంగ్లిష్ స్పీకింగ్ టెస్ట్‌లో ఆరు భాగాలుంటాయి. తెర మీది వాక్యాలు చదవడం, విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పడం, చిన్న ప్రశ్నలకు ఒకటి రెండు మాటల్లో జవాబివ్వడం, ముక్కలుగా వినిపించిన మాటలను వాక్యంగా కూర్చడం, చిన్న కథ విని ముప్ఫై సెకన్లలో తిరిగి చెప్పడం, చివర సొంత అభిప్రాయం చెప్పడం.

ఎక్కువమంది తడబడేది రెండో భాగంలో. మొదట నాలుగైదు మాటల వాక్యాలు వస్తాయి, పోను పోను పొడవు పెరుగుతుంది. ఒక్కో మాటా గుర్తుపెట్టుకోబోతే ఎనిమిదో మాట దగ్గరికి వచ్చేసరికి మొదటివి జారిపోతాయి. అర్థాన్ని బట్టి ముక్కలు చేసుకుంటే వాక్యం నిలుస్తుంది. "షీ కాల్డ్ ద బ్యాంక్ బిఫోర్ ద ఆఫీస్ క్లోజ్డ్" అని వినపడితే, మనసులో రెండే ముక్కలు: ఆమె బ్యాంకుకు ఫోన్ చేసింది, ఆఫీసు మూసేలోపు. అర్థం పట్టుబడితే మాటలు వాటంతటవే వెంట వస్తాయి. ఒక మాట జారిపోయినా ఆగకండి, మిగిలింది పూర్తి చేయండి. "సారీ, సారీ" అంటూ మొదటికి వస్తే ఆ మాటలు కూడా రికార్డవుతాయి, ధార తెగిందని లెక్కవుతుంది.

వాక్యం కూర్చే భాగంలో "ది ఆఫీస్", "షీ లెఫ్ట్", "బిఫోర్ నూన్" అని మూడు ముక్కలు వినపడతాయి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి మన చెవి కూడా చివర్లోనే దాన్ని వెతుకుతుంది. ఇక్కడ ముందు "ఎవరు, ఏం చేశారు" అన్న ముక్కను పట్టుకోండి. "షీ లెఫ్ట్" దొరికితే మిగతా రెండూ దాని వెనక వరసగా నిలబడతాయి. కథ చెప్పే భాగంలో వర్ణనలు వదిలేసి, ఎవరు, ఏమైంది, చివరికి ఏం జరిగింది అన్న మూడింటినీ మీ సొంత వాక్యాల్లో చెప్పండి.

ఈ పరీక్షలో ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా పడిపోయే సందర్భాలున్నాయి. కారణం తరచూ మైకే. మైకు నోటికి ఎదురుగా ఉంటే ఊపిరి శబ్దం మాటను మింగేస్తుంది. పెదవులకు రెండు వేళ్ల దూరంలో, కాస్త పక్కకు ఉంచండి. బీప్ మోగకముందే మొదలుపెడితే మొదటి మాట తెగిపోతుంది. మోగాక ఆలోచిస్తూ కూర్చుంటే సమయం అయిపోయి తర్వాతి ప్రశ్న వచ్చేస్తుంది. ఇంటి నుంచి రాస్తుంటే ఫ్యాన్ ఆపి, తలుపు వేసుకుని, ముందుగా ఇచ్చే నమూనా రికార్డింగ్‌ను ఒకసారి విని చూసుకోండి.

తెలుగు నోటికి సరిచేయాల్సిన నాలుగు శబ్దాలు

తెలుగు యాస ఉండటం తప్పేమీ కాదు. అర్థాన్ని మార్చేసే శబ్దాలు మాత్రం సరిచేసుకోవాలి. అలాంటివి ప్రధానంగా నాలుగు.

మొదటిది, మాట ముందు మనం తెలియకుండా చేర్చే "య", "వ". "ఎవరు" అని రాసి "యెవరు" అంటాం, "ఒకటి" అని రాసి "వొకటి" అంటాం. అదే అలవాటు ఇంగ్లిష్‌లోకి వెళ్లి "ఓన్లీ" కాస్తా "వోన్లీ" అవుతుంది, "ఇయర్" కాస్తా "యియర్" అవుతుంది. అక్షరాల పేర్లలో దీని నష్టం ఎక్కువ. కస్టమర్‌కి ఈమెయిల్ స్పెల్లింగ్ చెబుతూ "యెస్" అంటే అది "ఎస్" అక్షరమా, ఔననడమా అన్నది అతనికి తెలియదు. ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్, ఎస్, ఎక్స్ అక్షరాలను ముందు "య" రాకుండా చెప్పడం సాధన చేయండి. దాంతోపాటు విమానయానంలో వాడే అక్షరమాల నేర్చుకోండి: ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అంటూ సాగుతుంది. "ఎమ్ ఫర్ మైక్, ఎన్ ఫర్ నవంబర్" అంటే ఫోన్ లైను ఎంత గరగరలాడినా పొరపాటు జరగదు.

రెండోది "జ". "జీరో", "జిప్ కోడ్" అనేటప్పుడు మన నాలుక పైకి తగిలి వదులుతుంది. ఇంగ్లిష్ శబ్దంలో నాలుక తగలదు. ముందు "స్‌స్‌స్" అని సాగదీయండి, నాలుకను కదపకుండా గొంతు కలపండి. వచ్చే శబ్దమే అది. సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడం సులువు: ఊపిరి ఉన్నంతసేపూ సాగదీయగలిగితే వచ్చినట్టు, మధ్యలో తెగిపోతే నాలుక తగిలినట్టు.

మూడోది మాట చివరి భాగం. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి "బుక్" మన నోట "బుక్కు", "టికెట్" "టికెట్టు" అవుతుంది. దీనికి తోడు స్పెల్లింగ్‌లో రెండు అక్షరాలు కనిపిస్తే ఒత్తి పలుకుతాం: "హ్యాప్పీ", "లెట్టర్". ఇంగ్లిష్‌లో అవి "హ్యాపీ", "లెటర్" మాత్రమే. చివరి శబ్దాల్లో మరీ ముఖ్యమైనది జరిగిపోయిన పనిని చెప్పే శబ్దం. "ప్రాసెస్", "చెక్", "హెల్ప్" లాంటి మాటల తర్వాత అది "ట్" అవుతుంది: "ప్రాసెస్ట్", "చెక్ట్". "కాల్", "క్యాన్సిల్" తర్వాత "డ్". "రిఫండ్", "రిక్వెస్ట్" తర్వాత "ఇడ్". "వీ ప్రాసెస్ట్ యువర్ రిఫండ్" అనాల్సిన చోట ఆ "ట్" మింగేస్తే, డబ్బు వేశారా, వేస్తారా అన్నది కస్టమర్‌కి తెలియదు. ఫోన్ పెట్టేసి ఖాతా చూసుకుని మళ్లీ చేస్తాడు.

నాలుగోది అంకెలు. "థర్టీన్", "థర్టీ" ఫోన్లో ఒకేలా వినపడతాయి. మొదటిదానిలో చివరి "టీన్" సాగదీసి ఒత్తాలి, రెండోదానిలో మొదటి "థర్" ఒత్తి చివర తేల్చేయాలి. అంతకన్నా భద్రమైన పద్ధతి, సంఖ్య చెప్పి వెంటనే అంకెలు విడదీయడం: "ఫిఫ్టీన్, వన్ ఫైవ్". ఇంటర్వ్యూలో ఎవరూ అడగకపోయినా మీరు అలా చెబితే, పని తెలిసిన మనిషి అని వినేవాళ్లకు అర్థమవుతుంది.

వీటిని సాధన చేసేటప్పుడు మీ చెవిని నమ్ముకోవద్దు. మీరేం చెప్పబోతున్నారో మీ చెవికి ముందే తెలుసు. ఒక స్నేహితుడికి ఫోన్ చేసి ఒక ఈమెయిల్ ఐడీ, పన్నెండంకెల ఆర్డర్ నంబర్, ఒక అడ్రస్ ఇంగ్లిష్‌లో చెప్పి రాసుకోమనండి. స్పీకర్ ఆన్ చేసి, పక్క గదిలో టీవీ మోగుతుండగా చేస్తే ఇంకా మంచిది. అతను రాసిన కాగితంలో ఎక్కడ తప్పు ఉందో, మీరు సరిచేయాల్సిన శబ్దం అక్కడే ఉంది.

టైపింగ్ టెస్ట్: లెక్క తెలిస్తే తొందర తగ్గుతుంది

టైపింగ్ టెస్ట్‌లో "పదం" అంటే నిఘంటువులోని పదం కాదు. ఖాళీతో సహా ఐదు కీలు నొక్కితే ఒక పదంగా లెక్కిస్తారు. మొత్తం పదాలను నిమిషాలతో భాగిస్తే గ్రాస్ స్పీడ్. దిద్దకుండా వదిలేసిన తప్పులను నిమిషాలతో భాగించి అందులోంచి తీసేస్తే నెట్ స్పీడ్. చాలా ప్రాసెస్‌లకు నిమిషానికి 25 నుంచి 35 పదాలు అడుగుతారు, చాట్ ప్రాసెస్‌లకు ఇంకాస్త ఎక్కువ. దానితోపాటు ఖచ్చితత్వం ఎంత శాతం ఉండాలన్న షరతు కూడా ఉంటుంది.

ఇద్దరు అభ్యర్థులు ఐదు నిమిషాల టెస్ట్ రాశారనుకోండి. మొదటి అమ్మాయి నిదానంగా 900 కీలు నొక్కింది, 10 తప్పులు చేసింది. 900ని ఐదుతో భాగిస్తే 180 పదాలు, నిమిషానికి 36. తప్పుల కింద నిమిషానికి 2 పోగా నెట్ స్పీడ్ 34. రెండో అబ్బాయి దడదడా 1150 కీలు నొక్కాడు, 70 తప్పులు చేశాడు. 230 పదాలు, నిమిషానికి 46. తప్పుల కింద 14 పోగా మిగిలింది 32. పైగా అమ్మాయి ఖచ్చితత్వం దాదాపు 99 శాతం, అబ్బాయిది 94 కూడా లేదు. ఖచ్చితత్వం 95 అడిగే చోట అతని వేగం ఎంతైనా లెక్కకు రాదు.

అందుకే ముందు తప్పుల్లేకుండా కొట్టడం అలవాటు కావాలి. ఎడమ చూపుడు వేలు ఎఫ్ మీద, కుడి చూపుడు వేలు జె మీద ఉండాలి. ఆ రెండు కీల మీదా వేలికి తగిలేలా చిన్న గీత ఉంటుంది, చూడకుండానే చేతులు చోటు తెలుసుకోవడానికే అది పెట్టారు. రోజుకు అరగంట చాలు, కానీ ఆ అరగంటా కళ్లు తెర మీదే ఉండాలి. కీబోర్డు వైపు చూస్తూ రెండు వేళ్లతో 30 కొట్టేవాళ్లకు మొదట్లో వేగం సగానికి పడిపోతుంది. అక్కడే చాలామంది పాత పద్ధతికి తిరిగి వెళ్లిపోతారు. ఇంటర్వ్యూ వారంలోనే ఉంటే పద్ధతి మార్చకండి, ఉన్న పద్ధతిలోనే తప్పులు తగ్గించుకోండి. నెల పైన సమయం ఉంటే మార్చండి.

తప్పులు ఎక్కువగా దొర్లేది పెద్దక్షరాల దగ్గర, కామాల దగ్గర, అంకెల దగ్గర. సాధనకు కథలకన్నా అడ్రసులు, తేదీలు, ఆర్డర్ నంబర్లు ఉన్న ఉత్తరాలు ఎంచుకోండి. కొన్ని టెస్టుల్లో బ్యాక్‌స్పేస్ పనిచేయదు, మొదలుపెట్టేముందు సూచనల్లో అది చూసుకోండి. పనిచేస్తే, తప్పు కనపడిన వెంటనే దిద్దండి. మూడు మాటలు దాటాక వెనక్కి వెళ్తే పోయే సమయమే ఎక్కువ.

వాయిస్ ప్రాసెస్‌కి టైపింగ్ ఎందుకని కొందరు అనుకుంటారు. కస్టమర్ చెబుతుండగానే వివరాలు ఎక్కించాలి కాబట్టి. "ఒక్క నిమిషం, రాసుకుంటున్నాను, మళ్లీ చెప్పండి" అనే ఏజెంట్ చేతివేగం లేక కస్టమర్‌ని రెండోసారి మాట్లాడిస్తున్నాడన్నమాట. ఇంట్లో ఎవరితోనైనా మామూలు వేగంతో ఒక ఫిర్యాదు చదివించుకుని, వింటూనే టైప్ చేయండి. చూసి కొట్టడం వచ్చినవాళ్లకు కూడా విని కొట్టడం కొత్తగానే ఉంటుంది.

మాక్ కాల్: ఒక ఫిర్యాదును చివరిదాకా నడిపించడం

ఇప్పుడు తెలుగు ప్రాసెస్ ఇంటర్వ్యూలో వచ్చే ఒక మాక్ కాల్ చూద్దాం. మేనేజర్ కస్టమర్‌గా మారి అంటారు: "మిక్సీ తెప్పించాను. జార్ పగిలి వచ్చింది. ఎల్లుండి మా ఇంట్లో ఫంక్షన్. ఏం చేస్తారో చెప్పండి."

ఎక్కువమంది చెప్పే జవాబు ఇది: "జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడం. మీ సమస్యను తప్పకుండా పరిష్కరిస్తాం." వినడానికి మర్యాదగానే ఉంది. కానీ ఇందులో జార్ లేదు, ఫంక్షన్ లేదు. ఏ ఫిర్యాదుకైనా ఇదే జవాబు సరిపోతుంది కాబట్టి, అసలు విన్నాడా లేదా అన్న అనుమానం కస్టమర్‌కి వస్తుంది. ఆమె మళ్లీ మొదటినుంచి చెబుతుంది, ఈసారి కోపంగా.

ఇదే కాల్ మరోలా మొదలుపెట్టవచ్చు: "అయ్యో, ఫంక్షన్ పెట్టుకుని ఇలా జరగడం ఇబ్బందేనండి. మిక్సీ ఎల్లుండిలోపు మీ చేతికి రావాలి, లేదా డబ్బన్నా వెనక్కి రావాలి, అంతే కదా? మీ ఆర్డర్ నంబర్ చెబుతారా?" ఇక్కడ మూడు పనులు జరిగాయి. ఆమె చెప్పింది విన్నట్టు తెలిసింది. ఆమెకు నిజంగా కావలసింది ఏమిటో తేలింది. ఒకే ఒక ప్రశ్నతో కాల్ ముందుకు కదిలింది. నంబరూ, పేరూ, ఫోటో ఉందా అని ఒక్కసారే అడిగితే ఆమె ఒకదానికే జవాబిస్తుంది, మిగతావి మళ్లీ అడగాల్సి వస్తుంది.

ఆమె నంబర్ చెప్పాక నాలుగేసి అంకెల చొప్పున తిరిగి చదివి వినిపించండి. తర్వాత సిస్టమ్‌లో చూస్తున్నట్టు నటించాలి కదా, అప్పుడు మౌనంగా ఉండకండి. ఫోన్లో ఆ మౌనాన్ని డెడ్ ఎయిర్ అంటారు, కాల్ కట్టయిందేమో అని కస్టమర్ "హలో, హలో" అనేది అప్పుడే. "డెలివరీ వివరాలు తెరుస్తున్నానండి" అన్న ఒక్క మాట చాలు. సమయం ఎక్కువ పట్టేలా ఉంటే, "రెండు నిమిషాలు హోల్డ్‌లో ఉంచమంటారా?" అని అడిగి, ఆమె సరేనన్నాకే ఉంచండి. తిరిగి వచ్చాక ఆగినందుకు థాంక్స్ చెప్పండి.

ఇక అసలు చిక్కు. ఆ కంపెనీ నియమాలు మీకు తెలియవు. తెలియకుండా "రేపటికల్లా పంపిస్తాం" అని మాట ఇచ్చేయడం మాక్ కాల్‌లో జరిగే పెద్ద పొరపాటు. కాల్ పక్కన పెట్టి మేనేజర్‌ని సూటిగా అడగండి: "సార్, రీప్లేస్‌మెంట్‌కి ఎన్ని రోజులు అనుకోవాలి?" అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు. ఆయన నాలుగు రోజులు అన్నారనుకోండి, రిటర్న్, రిఫండ్ సంగతి కూడా అడిగి తెలుసుకుని, కాల్‌లోకి తిరిగి వచ్చి ఇలా చెప్పవచ్చు:

"కొత్త మిక్సీ రావడానికి నాలుగు రోజులు పడుతుందండి, ఎల్లుండిలోపు అందదు. మీ ముందు రెండు దారులున్నాయి. ఫంక్షన్ అయ్యాక వచ్చినా ఫర్వాలేదంటే ఇప్పుడే రీప్లేస్‌మెంట్ పెడతాను. లేదంటే రిటర్న్ పెడతాను, మీరు దగ్గర్లోని షాపులో కొనుక్కోవచ్చు. ఏది పెట్టమంటారు?"

"అంటే డబ్బులు వెంటనే పడతాయా?"

"వెంటనే పడవండి. ఆ మిక్సీ మావాళ్లు తీసుకెళ్లాక రిఫండ్ మొదలవుతుంది. అది మొదలవగానే మీకు మెసేజ్ వస్తుంది."

కుదరదన్న మాట ముందే, స్పష్టంగా చెప్పారు. దాని వెంటనే కుదిరేది చెప్పారు. ఎంచుకునే వీలు ఆమెకే ఇచ్చారు. "కంపెనీ రూల్ అంతేనండి" అన్న మాట ఎక్కడా రాలేదు. మేనేజర్ కావాలనే గొంతు పెంచితే మధ్యలో అడ్డుపడకండి, "కూల్‌గా ఉండండి మేడం" అనకండి. ఆమె వాక్యం పూర్తయ్యాక ఒక క్షణం ఆగి, మీరు ముందు మాట్లాడినంత వేగంతోనే, అదే గొంతుతో జవాబివ్వండి. కాల్ ముగించేముందు ఏం నిర్ణయమైందో ఒక్క వాక్యంలో తిరిగి చెప్పండి: "రిటర్న్ పెట్టానండి, రేపు మధ్యాహ్నంలోపు మనిషి వస్తారు, మిక్సీతోపాటు పగిలిన జార్ కూడా పెట్టెలో ఉంచండి." ఆ చివరి మాట చెప్పకపోతే ఆమె జార్ పారేస్తుంది, మర్నాడు ఇంకో కాల్ వస్తుంది.

ఇంగ్లిష్ ప్రాసెస్‌కైనా నడక ఇదే. భాష మారినా, విన్నట్టు తెలియజేయడం, ఒక్కో ప్రశ్న అడగడం, కుదరనిది దాచకపోవడం, ముగింపులో తిరిగి చెప్పడం మారవు.

వెళ్లేముందు

సెల్ఫ్ ఇంట్రడక్షన్‌లో "మైసెల్ఫ్" అని మొదలుపెట్టకండి, "ఐ యామ్" అనండి. అమ్మానాన్నల ఉద్యోగాలు, హాబీల కన్నా, మనుషులతో మాట్లాడి పని చక్కబెట్టిన సందర్భం ఒకటి చెప్పండి. మెడికల్ షాపులో కూర్చున్నా, కాలేజీ ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్లు చూసుకున్నా అది పనికొస్తుంది. నైట్ షిఫ్టులు, మారే వీక్లీ ఆఫ్‌లు కుదురుతాయా అన్న ప్రశ్నకు ఇంట్లో ముందే మాట్లాడుకుని నిజం చెప్పండి. క్యాబ్ మీ ప్రాంతానికి వస్తుందా, బాండ్ ఉందా అన్నవి మీరూ అడగండి. ఉద్యోగం పేరుతో ముందుగా డబ్బు కట్టమన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లమన్నా అక్కడి నుంచి వచ్చేయండి.

ముందురోజు మీ తయారీని మూడు పరీక్షలతో చూసుకోండి. ఫోన్లో చెప్పిన ఈమెయిల్, ఆర్డర్ నంబర్, అడ్రస్ అవతలివాళ్లు తప్పు లేకుండా రాసుకోగలిగారా? ఐదు నిమిషాల టైపింగ్‌లో తప్పులు తీసేశాక మిగిలిన వేగం ప్రకటనలో అడిగిన దానికన్నా కనీసం మూడు పదాలు ఎక్కువ ఉందా? మాక్ కాల్ విన్న స్నేహితుడు, చివర్లో ఏం నిర్ణయమైందో మిమ్మల్ని అడగకుండా తనే చెప్పగలిగాడా? ఈ మూడింటిలో ఏది తప్పిందో, ఆ సాయంత్రం దాని మీదే కూర్చోండి.